రింగులు పోకుండా రేగిన జుట్టు సర్దడం

ఈ సంచికలో కుడివైపు పై మూలన అంటించిన ఫోటో మీరంతా చూసే ఉంటారు. మన క్లాసు అమ్మాయిదే. పేరు రాయొద్దంది, రాయను. జులైలో కాలేజీ టెర్రస్ మీద తీశాం. బెళ్ళందూరులో జులై గాలి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, చెరువు వైపు తిరిగి నిలబడితే చున్నీ కూడా నిలవదు. పైగా మబ్బు, గాల్లో చెమ్మ. హాస్టల్లో ట్యాంకరు నీళ్లతో తలంటుకున్న మర్నాడు. ఆమెది రింగుల జుట్టు. ఇక ఫోటోలో తల ఎలా వచ్చిందో ఊహించుకోండి.

ఫోటో చూసుకుని ఆమె మొదట అన్న మాట, "ఏమే, ఇది తలా, కొబ్బరి పీచా?" రెండో మాట మాత్రం వేరు. రెండేళ్ల కిందట వాళ్ల అక్క పెళ్లిలో ఒక స్టూడియోవాళ్లు ఆల్బమ్ కోసం ఈమె జుట్టుని నున్నగా చేసి పంపారట. రింగులన్నీ పోయి, తలమీద నల్లరంగు పూసినట్టు వచ్చిందట. ఆల్బమ్ మదనపల్లెకి వచ్చాక వాళ్ల అవ్వ ఆ పేజీ దగ్గర ఆగి, "ఈ బిడ్డ ఎవురు?" అని అడిగిందట. ఆ రింగులు అవ్వవే. అందుకే నాకు పెట్టిన షరతు ఒక్కటే: "రేగింది సర్దు. రింగు ఒక్కటి పోయినా ఫోటో గోడమీద పెట్టనివ్వను."

ఆ షరతుతో నాలుగు సాయంత్రాలు ల్యాబులో కూర్చుని నేర్చుకున్నది ఇది. వాడింది GIMP 2.10. డబ్బు కట్టక్కర్లేని సాఫ్ట్‌వేర్, మన ల్యాబులో అన్ని కంప్యూటర్లలోనూ ఉంది.

ముందుగా ఒక జాగ్రత్త. ఫోటో మొదట నాకు వాట్సాప్‌లో మామూలుగా పంపింది. పెద్దది చేసి చూస్తే వెంట్రుకలు వెంట్రుకల్లా లేవు, చిన్నచిన్న చదరాల్లో ఇరుక్కున్న మరకల్లా ఉన్నాయి. జేపెగ్ పద్ధతిలో బొమ్మని ఎనిమిది చుక్కల అడ్డం, ఎనిమిది చుక్కల నిలువు ఉన్న గడులుగా విడగొట్టి కుదిస్తారు. కుదింపు ఎక్కువైతే ముందు పోయేది సన్నటి గీతలే, అంటే వెంట్రుకలే. అలాంటి ఫోటోమీద ఎంత కష్టపడినా పీచు పీచుగానే ఉంటుంది. అదే ఫోటోని డాక్యుమెంటుగా పంపమన్నాను. అప్పుడు 3000 అడ్డం, 4000 నిలువు చుక్కలతో అసలు ఫైలు వచ్చింది. అందులో తల వెడల్పు దాదాపు 900 చుక్కలు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఫోటోలో "రేగిన జుట్టు" అని మనం అనేది రెండు చోట్ల, రెండు రకాలుగా కనిపిస్తుంది. తల అంచుకి బయట, ఆకాశం మీద, వెంట్రుకలు నల్లటి గీతల్లా కనిపిస్తాయి. తల లోపల, జుట్టుమీదే, లేచిన వెంట్రుకలకి వెలుగు తగిలి తెల్లటి పొగలా కనిపిస్తాయి. వెంట్రుక అదే. వెనకాల ఉన్నది మారింది, అంతే. బయట వెలుతురు మీద నలుపు, లోపల నలుపు మీద వెలుతురు. రెంటికీ మందు ఒకటే అనుకుంటే పని చెడుతుంది. నేను చూసిన పాఠాలు చాలావరకు బంగారు రంగు జుట్టుని, నల్లటి గోడ ముందు పెట్టి చెప్పినవి. వాటిలో చెప్పినట్టు చేస్తే మన జుట్టుకి సరిగ్గా తలకిందులవుతుంది.

ముందు అంచు సంగతి. క్లోన్ టూల్ అంటే ఒకచోటి రంగు తీసి ఇంకోచోట అద్దే కుంచె. Ctrl నొక్కి ఆకాశంలో ఒకచోట క్లిక్ చేస్తే అక్కడి నుంచి తీసుకుంటుంది. తర్వాత వెంట్రుక మీద రుద్దితే ఆకాశం దానిమీద పడుతుంది. మామూలుగా చేస్తే మబ్బుల మీద అతుకులు పడతాయి. అందుకని టూల్ ఆప్షన్లలో Mode అన్నచోట Lighten only పెట్టాలి. అప్పుడు కుంచె తెచ్చిన రంగు కింద ఉన్నదానికన్నా తేలికగా ఉంటేనే పడుతుంది. నల్ల వెంట్రుక మీద ఆకాశం పడుతుంది, మబ్బులోని తెలుపు మాత్రం చెక్కుచెదరదు. ఆకాశం పైనించి కిందికి రంగు మారుతూ ఉంటుంది కాబట్టి, నమూనాని వెంట్రుకకి పక్కనుంచే, అదే ఎత్తులో తీసుకోవాలి. పైనుంచి తెస్తే మరక పడుతుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. మొదటి సాయంత్రం ఇలా ఓ ముప్పై వెంట్రుకలు తీసేసి సంతోషంగా చూస్తే, నల్లగీతలు పోయినచోట తెల్లదారాలు మిగిలాయి! కాసేపు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. ఫోన్ కెమెరా ఫోటో తీయగానే తనంతట తానే కాస్త పదును పెడుతుంది. పదును పెట్టడమంటే నల్లగీతకి అటూ ఇటూ అంచుని కొంచెం తెల్లబరచడం. నేను Lighten only లో నలుపుని తీసేశాను, ఆ తెల్ల అంచులు ఆకాశం కన్నా తేలికగా ఉన్నాయి కాబట్టి వాటి జోలికి కుంచె పోలేదు. వెంట్రుక పోయి దాని దయ్యం మిగిలింది. విరుగుడు కష్టమేం కాదు. అదే కుంచెని, అదే నమూనాతో, ఈసారి Mode లో Darken only పెట్టి ఆ దారాల మీద ఒకసారి పోనిస్తే సరి. ఆకాశం కన్నా తెల్లగా ఉన్నవి మాత్రమే దిగుతాయి.

ఎన్ని తీయాలన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. అన్నీ తీస్తే తలకి హెల్మెట్ పెట్టినట్టుంటుంది. నేను మొదట అదే చేశాను. మన మేడమ్‌గారు వెనకనుంచి చూసి, "ఏమ్మా, కత్తెరతో కత్తిరించి ఆకాశం మీద అంటించావా?" అన్నారు. నిజంగానే అలా ఉంది. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను. ఈసారి తలనుంచి దూరంగా పోయిన వెంట్రుకలని పూర్తిగా తీసి, తలకి దగ్గరయ్యేకొద్దీ కుంచె Opacity ని 50కి తగ్గించాను. అక్కడి వెంట్రుకలు మాయమవలేదు, పలచబడ్డాయి. నిజం తలకి ఎక్కడా గీత గీసినట్టు అంచు ఉండదు. జుట్టు మెల్లగా పలచబడి గాల్లో కలిసిపోతుంది. ఆ మెల్లదనం ఉంచితే చాలు, కన్ను నమ్ముతుంది.

గాలి సంగతి కూడా ఇక్కడే తేలిపోయింది. జుట్టు గాలికి ఎగిరినట్టు చూపించాలని కొందరు ఉన్న పాయని సాగదీస్తారు, లేదా కుంచెతో కొత్త వెంట్రుకలు గీస్తారు. నేనూ Warp Transform తో ఒక పాయని సాగదీసి చూశాను. పాయతోపాటు వెనకున్న మబ్బు కూడా సాగింది, సాగినచోట వెంట్రుకలు లావయ్యాయి. ఆ ప్రయత్నం మానేశాక కనిపించింది, అసలు గాలి ఫోటోలోనే ఉంది. గాలి ఎడమనుంచి కుడికి వీస్తోంది, చున్నీ అంచు అటే లేచింది. కానీ వెంట్రుకలు మాత్రం నాలుగు దిక్కులకీ లేచి ఉన్నాయి, ఎందుకంటే వాటిలో సగం గాలికి లేచినవి కావు, చెమ్మకి బిరుసెక్కి లేచినవి. కుడివైపుకి పోయేవి వదిలేసి, వాటికి అడ్డంగా, ఎదురుగా పోయేవి మాత్రం తీసేశాను. ఒక్క వెంట్రుకా కొత్తగా చేర్చలేదు. చూసినవాళ్లు "అబ్బ, గాలి భలే వచ్చింది" అంటున్నారు. వెంట్రుకలన్నీ చున్నీతోపాటు ఒకే దిక్కుకి పోతే గాలి అంటాం, నాలుగు దిక్కులకీ పోతే చింపిరి అంటాం.

ఇక తల లోపలి పొగ. ఇక్కడ క్లోన్ పనికిరాదు, వెంట్రుకలు వేలల్లో ఉంటాయి. నేను చేసింది ఇది. ఫోటో లేయరుకి ఇంకో ప్రతి తీసి, దానికి Gaussian Blur 4 ఇచ్చాను. ఆ మసక లేయరు మోడ్‌ని Darken only చేశాను. అంటే మసకలో ఎక్కడ రంగు కిందిదానికన్నా ముదురుగా ఉందో అక్కడ మాత్రమే అది కనిపిస్తుంది. సన్నటి తెల్ల వెంట్రుక మసకబారితే చుట్టూ ఉన్న నలుపులో కలిసి ముదురుతుంది, కాబట్టి అది అణుగుతుంది. పాయకీ పాయకీ మధ్య ఉన్న నల్లటి సందులు మాత్రం యథాతథంగా ఉంటాయి. రింగులని రింగులుగా చూపించేవి ఆ సందులే. మామూలు మోడ్‌లో మసక చేస్తే సందులు పూడిపోతాయి, రింగులు పోతాయి. ఆ పెళ్లి ఆల్బమ్‌లో జరిగింది ఇదేనని నా అనుమానం.

ఆ లేయరుని ఫోటో అంతటా వదిలేస్తే కనురెప్పలు, చెవిపోగులు కూడా మసకబారతాయి. ఇక్కడే లేయర్ మాస్క్ కావాలి. Layer మెనూలో Mask కింద Add Layer Mask ఉంటుంది, అందులో Black ఎంచుకుంటే ఆ లేయరు మొత్తం దాక్కుంటుంది. తర్వాత మాస్క్ మీద తెల్లరంగుతో ఎక్కడ పూస్తే అక్కడ మాత్రమే బయటికి వస్తుంది. దీన్ని ముసుగు అనడం నాకు ఇష్టం, కానీ మన ముసుగు ఉంటుంది లేదా తీస్తాం, అంతే. ఇది అలా కాదు. తెలుపుకీ నలుపుకీ మధ్య ఏ బూడిదరంగు వేస్తే అంత మేరకే కనిపిస్తుంది. కుంచె Opacity 30 పెట్టి, నడినెత్తిన పొగ ఎక్కువగా ఉన్నచోట రెండుసార్లు, చెవుల దగ్గర ఒకసారి పూశాను. తప్పుపోతే నల్లరంగుతో పూసి వెనక్కి తీసుకోవచ్చు, అసలు ఫోటోకి ఏమీ కాదు.

ఇప్పుడు మెరుపు. జుట్టుకి మెరుపు ఎక్కడినుంచి వస్తుందో అద్దం ముందు నిలబడి ఒకసారి చూడండి. ఒక్కో వెంట్రుకకీ ఒక్కో మెరుపు ఉండదు. తల వంపు తిరిగేచోట, అన్ని వెంట్రుకలమీదా ఒకే ఎత్తులో, అడ్డంగా ఒక పట్టీలా వస్తుంది. నూనె రాసి దువ్విన తలలో ఆ పట్టీ ఒక్కటిగా ఉంటుంది. రింగుల జుట్టులో అది ముక్కలవుతుంది, ప్రతి రింగు వంపుమీదా ఒక చిన్న తునక. రేగిన జుట్టులో ఆ తునకలు కూడా చిల్లులు పడి పొగలా చెదిరిపోతాయి. కాబట్టి మెరుపు తేవడమంటే తెల్లరంగు పూయడం కాదు. వంపుమీది వెలుగుకీ పక్క సందులోని నలుపుకీ ఉన్న తేడాని కొంచెం పెంచడం. ఫోటో మొత్తానికి కాంట్రాస్ట్ పెంచితే ముఖం కూడా మారిపోతుంది. జుట్టులో, పాయకీ పాయకీ మధ్య మాత్రమే పెంచాలి. దీన్నే లోకల్ కాంట్రాస్ట్ అంటారు.

దీనికి GIMP లో వాడేది Filters మెనూలో Enhance కింద ఉండే Unsharp Mask. పేరు చూసి కంగారు పడకండి, ఇందులో మాస్క్ వేరు, పైన చెప్పిన మాస్క్ వేరు. కంప్యూటర్లు రాకముందు డార్క్‌రూములో నెగెటివ్‌నుంచి ఫిల్ము మీద మసకగా ఒక పాజిటివ్ తీసి, రెంటినీ కలిపి పెట్టి ప్రింటు వేసేవాళ్లు. అలా వేస్తే అంచులు తేటగా వచ్చేవి. మసకగా ఉండే ఆ ఫిల్మే అన్‌షార్ప్ మాస్క్. ఇప్పుడు కంప్యూటరు అదే పని లెక్కల్లో చేస్తుంది: ఫోటోకి మసక ప్రతి తయారు చేసి, అసలుకీ మసకకీ ఉన్న తేడా ఎంతో చూసి, ఆ తేడాలో కొంత అసలుకి కలుపుతుంది.

మసక ఎంత వెడల్పు అన్నది Radius చెప్తుంది. కిటుకంతా ఇందులోనే ఉంది. Radius 2 పెడితే మసకకి ఒక వెంట్రుక, దాని పక్క వెంట్రుక మాత్రమే తెలుసు. అందుకని ఒక్కో వెంట్రుకనీ దాని పక్కదాన్నుంచి విడదీసి చూపిస్తుంది. అంటే రేగిన జుట్టు ఇంకా రేగినట్టు కనిపిస్తుంది. Radius 40 పెడితే మసకకి వెంట్రుకలు కనిపించవు, పాయలు కనిపిస్తాయి. కాబట్టి పాయని పాయనుంచి విడదీస్తుంది, వంపుమీది వెలుగు లేస్తుంది, సందు ముదురుతుంది. ఒకే పరికరం, ఒక అంకెతో పీచూ చేస్తుంది, మరో అంకెతో నిగారింపూ తెస్తుంది. మన ఫోటోలో తల వెడల్పు 900 అన్నాను కదా, పాయలు కొలిస్తే ఒక్కోటీ ముప్పై నుంచి నలభై చుక్కలు వచ్చాయి. అందుకే 40. మీ ఫోటోలో తల చిన్నదైతే పాయ వెడల్పు మీరే కొలుచుకుని అదే పెట్టండి, నా అంకె ఎత్తి రాసుకోకండి. Amount మాత్రం 0.25 దాటనివ్వలేదు. 0.6 పెట్టి చూస్తే జుట్టు తడిసినట్టు, ఆపైన ఇత్తడి బొమ్మ తలలా అయింది.

ఇది కూడా వేరే లేయరు ప్రతిమీద చేసి, నల్ల మాస్క్ వేసి, జుట్టుమీద మాత్రం తెలుపు పూశాను. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. పూత జుట్టు అంచుదాకా పోయేసరికి తల చుట్టూ ఆకాశంలో తెల్లటి వలయం వచ్చింది, క్యాలెండర్లో దేవుడి తలవెనక కాంతిచక్రంలాగ. కారణం పైన చెప్పిందే. 40 చుక్కల మసకలో నల్ల జుట్టూ తెల్ల ఆకాశం కలిసిపోయాయి, ఆ తేడాని కలిపేసరికి ఆకాశం అంచు ఇంకా తెల్లబడింది. అంచుకి ఇరవై చుక్కలు లోపలే కుంచె ఆపేస్తే పోయింది. వలయం దగ్గరనుంచి చూస్తే కనిపించదు. ఫోటోని బొటనవేలంత చేసి చూడండి, ఉంటే ఠక్కున కనిపిస్తుంది.

తర్వాత రెండుమూడు రింగులమీద మెరుపు ఇంకాస్త కావాలనిపించింది. పైన ఒక ఖాళీ లేయరు వేసి, దాని మోడ్ Soft light చేసి, తెల్లని కుంచెతో, Opacity 8 మాత్రం పెట్టి వంపులమీద అద్దాను. మామూలు మోడ్‌లో తెలుపు పూస్తే నల్ల జుట్టుమీద విభూది రాసినట్టుంటుంది. Soft light లో పూర్తి నలుపు మీద తెలుపు వేసినా నలుపుగానే ఉంటుంది, కొంచెం వెలుగు ఉన్నచోటే లేస్తుంది. అంటే కెమెరా పట్టుకున్న మెరుపే పెరుగుతుంది, లేనిచోట పుట్టదు. ఇది లోపంలా అనిపిస్తుంది గానీ నాకు మాత్రం కాపలాలా పనిచేసింది. ఆమె జుట్టులో ఎడమ చెవి వెనక ఒక మూల పూర్తిగా నలుపు, అక్కడ రంగు విలువ 255కి 5 కూడా లేదు. ఎంత అద్దినా కదలలేదు. Levels తో బలవంతంగా లేపితే ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు గులకరాళ్లలా తేలాయి. అక్కడ వెంట్రుకల సమాచారమే లేదు, వదిలేశాను.

మెరుపు రంగు గురించి ఒక ముక్క, ఇది మన డిపార్ట్‌మెంటుకి సంబంధించింది కూడా. వెంట్రుక పైపొర మీదనుంచి నేరుగా తిరిగొచ్చే వెలుగుకి జుట్టు రంగు అంటదు, వెలుగు ఎక్కడినుంచి వచ్చిందో దాని రంగే ఉంటుంది. మబ్బు, ఆకాశం కింద తీసిన ఫోటోలో నల్ల జుట్టు మెరుపు కాస్త నీలంగా ఉంటుంది. కలర్ పికర్‌తో చూశాను, మూడు అంకెల్లో నీలందే పెద్దది. మన కవులు నీలవేణి అన్నారు, తుమ్మెదలతో పోల్చారు. సంస్కృతంలో నీలం అంటే నలుపు అని కూడా అర్థమేనని క్లాసులో చదువుకున్నాం, అది నిజమే. అయినా తుమ్మెద వీపు ఎండలో చూసినవాళ్లకి ఆ పోలిక నలుపు దగ్గర ఆగిందని అనిపించదు. ఏదేమైనా నాకు దీనివల్ల ఒక పని జరిగింది: అద్దే తెలుపుకి బదులు, ఉన్న మెరుపులోంచే రంగు తీసుకుని దాన్ని తేలిక చేసి అద్దాను. విభూది ఛాయ పూర్తిగా పోయింది.

ప్రింటు దగ్గర మళ్లీ ఒక దెబ్బ తిన్నాను. స్క్రీన్ మీద సందులు, రింగులు అన్నీ కనిపిస్తున్నాయి. ఐదు అంగుళాలకి ఏడు అంగుళాలు, అంగుళానికి 300 చుక్కల లెక్కన 1500, 2100కి తగ్గించి, ల్యాబు ప్రింటరులో మామూలు కాగితం మీద వేస్తే ముదురు భాగాలన్నీ ఒకే నల్లముద్ద అయ్యాయి. స్క్రీన్ వెనకనుంచి వెలుగు వస్తుంది, కాగితానికి ఆ వెలుగు లేదు, పైగా మామూలు కాగితం ఇంకుని పీల్చుకుంటుంది. ప్రింటు కోసం ఒక ప్రతి వేరుగా తీసి, Curves లో ముదురు భాగాన్ని కొద్దిగా పైకెత్తి, గ్లాసీ కాగితం మీద వేశాను. అదే ఇప్పుడు గోడమీద ఉన్నది. పని చేసిన ఫైలు XCF గానే దాచాను. జేపెగ్‌గా దాచి ఉంటే లేయర్లు, మాస్కులు అన్నీ కలిసిపోయి, ఈ మార్పు కోసం మళ్లీ మొదటికి రావాల్సి వచ్చేది.

పూర్తయ్యాక ఆమెని పిలిచి, లేయర్ల పక్కన ఉండే కన్ను బొమ్మ ఆపుతూ, వేస్తూ, ముందూ తర్వాతా చూపించాను. ఆమె మెరుపు చూడలేదు. నుదుటినుంచి చెవిదాకా వేలుపెట్టి రింగులు లెక్కపెట్టింది. పదకొండు. తర్వాత అసలు ఫోటోలో లెక్కపెట్టింది. అక్కడా పదకొండే. "సరే, పెట్టుకో" అని, ఆ ప్రింటు ఇంకోటి వేసి ఇవ్వమంది, మదనపల్లెకి పంపుతుందట.

అసలు ఫోటో కూడా పక్కనే చిన్నది అంటించాను, పోల్చి చూసుకోండి. కుడి భుజం పైన మబ్బులో, కాస్త వంగి ఒక తెల్లదారం ఉంటుంది. అది నేను తీయడం మర్చిపోయిన దయ్యం.